బ్లూప్రింటు ముందు, ప్రశ్నలు తర్వాత

ప్రశ్న: మాది ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు హైస్కూలు. పదో తరగతికి గణితం చెబుతాను. పోయిన టర్ములో ఐదు పాఠాలకు నేనిచ్చిన పేపర్లో సగం మార్కులు వర్గ సమీకరణాలవే అని పిల్లలు గొడవ చేశారు. రెండు గంటల పేపరును బాగా చదివేవాళ్లు గంటలో ముగించేశారని మా హెచ్‌ఎం సారు అన్నారు. ఈసారి పేపరుతో పాటు బ్లూప్రింటు కూడా ఇవ్వాలంట. బీఈడీలో రికార్డు కోసం ఒకటి చేశాను గానీ అది పేపరు రాశాక అతికించిందే. 50 మార్కుల పేపరుకు నిజంగా పనికొచ్చే బ్లూప్రింటు ఎలా వేసుకోవాలి?
— గణితం టీచరు, ప్రొద్దుటూరు

సమాధానం: టీచరుగారూ, మీ ఐదు పాఠాలతోనే ఒక బ్లూప్రింటు మొదటి నుంచి చివరి దాకా వేసి చూద్దాం. పాఠాల పేర్లు మీరు రాయలేదు కాబట్టి వాస్తవ సంఖ్యలు, బహుపదులు, రేఖీయ సమీకరణాల జత, వర్గ సమీకరణాలు, అంకశ్రేఢులు అనుకుంటున్నాను. మీవి వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ముందు ఏ పాఠానికి ఎన్ని మార్కులో తేల్చాలి. పుస్తకంలో పేజీలు లెక్కపెట్టి పంచేవాళ్లున్నారు. అభ్యాసాలు ఎక్కువున్న పాఠానికి పేజీలూ ఎక్కువే కాబట్టి ఆ లెక్క నమ్మదగ్గది కాదు. మీ టీచర్ డైరీ తీసి ఒక్కో పాఠానికి నిజంగా ఎన్ని పీరియడ్లు పట్టిందో చూడండి. ఏడాది మొదట్లో వేసుకున్న ప్రణాళికలోని అంకె కాదు, జరిగిన అంకె కావాలి. అందులోంచి రెండు రకాల పీరియడ్లు తీసేయండి. రివిజన్‌కు పోయినవి ఒకటి. కింది తరగతుల బాకీ తీర్చడానికి పోయినవి రెండోది. వర్గ సమీకరణాలు మొదలుపెట్టాక పిల్లలకు కారణాంక విభజన రాదని తెలిసి నాలుగు పీరియడ్లు వెనక్కి వెళ్లారనుకోండి, ఆ నాలుగూ ఈ పాఠం ఖాతాలో వెయ్యకూడదు. ఏ పాఠం మనల్ని ఎక్కువ కష్టపెట్టిందో దాన్నే పేపర్లో ఎక్కువ అడగాలనిపిస్తుంది. మీ పేపర్లో సగం వర్గ సమీకరణాలే రావడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు.

అలా తీసేశాక మీ డైరీలో 60 పీరియడ్లు మిగిలాయనుకుందాం: వాస్తవ సంఖ్యలు 8, బహుపదులు 9, రేఖీయ సమీకరణాలు 13, వర్గ సమీకరణాలు 15, అంకశ్రేఢులు 15. ఒక్కోదాన్నీ 60తో భాగించి 50తో గుణిస్తే వరసగా 6.67, 7.5, 10.83, 12.5, 12.5 వస్తాయి. సగాలన్నీ పైకి సవరిస్తే మొత్తం 52 అవుతుంది. కాబట్టి చిన్న పాఠానికి పైకి, పెద్ద పాఠాలకు కిందికి సవరించి 7, 8, 11, 12, 12 తీసుకోండి. మొత్తం 50. చిన్న పాఠానికి అర మార్కు కోత పడితే తెలుస్తుంది, పెద్దదానికి పడితే తెలియదు.

రెండోది ప్రశ్నల రకాలు. పబ్లిక్ పరీక్షలో మీ పిల్లలకు ఎదురయ్యేవి 1, 2, 4, 8 మార్కుల ప్రశ్నలే కాబట్టి అవే ఉంచుదాం. 1 మార్కువి 8, 2 మార్కులవి 5, 4 మార్కులవి 4, 8 మార్కులవి 2. అంటే 8, 10, 16, 16 కలిసి 50 మార్కులు, 19 ప్రశ్నలు. ఇక్కడే టైము లెక్క కూడా చూసుకోవాలి. 1 మార్కుకు నిమిషంన్నర, 2 మార్కులకు 4 నిమిషాలు, 4 మార్కులకు 8, 8 మార్కులకు 16 వేస్తే 12, 20, 32, 32 కలిసి 96 నిమిషాలు. పేపరు చదువుకోవడానికి పది, చివర్లో సరిచూసుకోవడానికి పది కలిపితే 116. రెండు గంటలకు సరిపోతుంది. పేపరు పూర్తయ్యాక మీరే గడియారం పెట్టుకుని, మెట్లన్నీ రాస్తూ చెయ్యండి. మీకు 35, 40 నిమిషాలు పడితే సగటు పిల్లాడికి రెండు గంటలు పడుతుంది. పాతికలో అయిపోతే పోయినసారి వచ్చిన మాటే మళ్లీ వస్తుంది.

ఇప్పుడు గడులు నింపాలి. చాలామంది 1 మార్కు ప్రశ్నల దగ్గర మొదలుపెట్టి చివరికి 8 మార్కుల ప్రశ్న ఏ పాఠంలోనూ పట్టక తల పట్టుకుంటారు. మన వైపు ఇళ్లల్లో కడప బండలు పరిచేటప్పుడు నిండు బండలు ముందు పరిచి, అంచుల్లో మిగిలిన జాగాకు ముక్కలు కోసి పెడతారు కదా, ఇదీ అంతే. 8 మార్కుల ప్రశ్నలతో మొదలుపెట్టి కిందికి రండి.

8 మార్కులవి రెండే. 7 మార్కుల వాస్తవ సంఖ్యల్లో అది పట్టదు. 8 మార్కుల బహుపదుల్లో పెడితే పాఠమంతా ఒకే ప్రశ్న అయిపోతుంది. మిగిలినవి మూడు పాఠాలు. రేఖీయ సమీకరణాల్లో గ్రాఫు ఉంది, దానికి 8 మార్కులు తగినవే. రెండోది అంకశ్రేఢులకు ఇద్దాం. అప్పుడు రేఖీయ సమీకరణాల్లో 3 మార్కులు మిగులుతాయి, అంటే ఒక 2, ఒక 1. అంకశ్రేఢుల్లో 4 మిగులుతాయి. దాన్ని ఒక 4 మార్కుల ప్రశ్నగా ఇవ్వొచ్చు, కానీ అప్పుడు ఆ పాఠం మొత్తం రెండే ప్రశ్నల మీద నిలబడుతుంది. ఒక 2, రెండు 1లు మేలు. 4 మార్కులవి నాలుగింటిలో రెండు వర్గ సమీకరణాలకు, చెరొకటి మొదటి రెండు పాఠాలకు. తక్కినవి వాటంతటవే కుదురుకుంటాయి.

| పాఠం | 1 మార్కు | 2 మార్కులు | 4 మార్కులు | 8 మార్కులు | మొత్తం |
|---|---|---|---|---|---|
| వాస్తవ సంఖ్యలు | 1 | 1 | 1 | 0 | 7 |
| బహుపదులు | 2 | 1 | 1 | 0 | 8 |
| రేఖీయ సమీకరణాల జత | 1 | 1 | 0 | 1 | 11 |
| వర్గ సమీకరణాలు | 2 | 1 | 2 | 0 | 12 |
| అంకశ్రేఢులు | 2 | 1 | 0 | 1 | 12 |
| ప్రశ్నల సంఖ్య | 8 | 5 | 4 | 2 | 50 |

గడుల్లో ఉన్నవి ప్రశ్నల సంఖ్యలు, కుడి చివర నిలువు వరుసలో మార్కులు. ఎక్సెల్‌లో వేసుకుంటే ఒక గడి మార్చగానే మొత్తాలు కదలడం కంటికి కనిపిస్తుంది. మొదటి వరుసలో శీర్షికలు, రెండో వరుసలో B నుంచి E దాకా 1, 2, 4, 8 అంకెలు, మూడో వరుస నుంచి ఏడో వరుస దాకా పాఠాలు పెట్టుకున్నారనుకోండి. F3లో మొదటి సూత్రం రాసి F7 దాకా కిందికి లాగండి. B8లో రెండోది రాసి E8 దాకా పక్కకు లాగండి.

```
=SUMPRODUCT($B$2:$E$2,B3:E3)
=SUM(B3:B7)
```

డాలరు గుర్తులు మర్చిపోతే సూత్రం కిందికి లాగినప్పుడు మార్కుల వరుస కూడా జరిగిపోయి తప్పు మొత్తాలు వస్తాయి. F నిలువు వరుస కూడితే 50 రావాలి. ఎనిమిదో వరుసలో 8, 5, 4, 2 రావాలి. ఈ రెండూ ఒకేసారి కుదరకపోతే గడుల్లో తప్పుంది. అన్ని గడులూ తడమక్కర్లేదు. మొత్తం తప్పిన పాఠమూ మొత్తం తప్పిన ప్రశ్నల రకమూ కలిసే గడి చూడండి.

ఇక కఠినత. అందరూ ఆషామాషీగా చేసేది ఇక్కడే. సులభం 15, మధ్యస్థం 25, కఠినం 10 మార్కులని నిర్ణయించుకుందాం. మొదట చెప్పాల్సిందేమంటే, ప్రశ్న పెద్దదైనంత మాత్రాన కఠినం కాదు. √5 కరణీయ సంఖ్య అని నిరూపించమనే 4 మార్కుల ప్రశ్న చూడ్డానికి బరువైనదే. కానీ తరగతిలో మూడుసార్లు చేయించి, స్లిప్ టెస్టులో కూడా పెట్టుంటే అది మీ పిల్లలకు సులభమే, సులభం గడిలోనే వెయ్యండి. అటు x² − 6x + k బహుపది శూన్యాల భేదం 2 అయితే k ఎంత అని అడిగితే రెండే మార్కులు. మొత్తం 6, భేదం 2, కాబట్టి శూన్యాలు 4, 2, అందుకని k = 8. మూడు గీతల్లో అయిపోతుంది. కానీ పుస్తకంలో ఉన్న నమూనాలో అడగలేదు కాబట్టి తరగతిలో సగం మంది ఆగిపోతారు. అది కఠినం. కఠినత ప్రశ్నలో ఉండదు, ఆ ప్రశ్నకూ మీ తరగతికీ మధ్య ఉంటుంది. పక్క స్కూలు బ్లూప్రింటు దించుకుంటే ఉపయోగం లేకపోవడానికి కారణం ఇదే.

రెండో సంగతి, 8 మార్కుల ప్రశ్న మొత్తాన్ని కఠినం కింద వెయ్యకండి. అలా చేస్తే కఠినం కోటా దాదాపు అంతా ఒకే పాఠంలో, ఒకే ప్రశ్నలో పడిపోతుంది. మధ్యస్థంగా చదివే పిల్లాడికి దాంట్లో ఒక్క మార్కు కూడా రాదు. ప్రశ్నను మెట్లుగా విడగొట్టి, మెట్టు మెట్టుకూ స్థాయి రాయండి. అంకశ్రేఢుల ప్రశ్ననే తీసుకుందాం:

"ఒక అంకశ్రేఢిలో 4వ పదం 18, 9వ పదం 38. (అ) మొదటి పదం, సామాన్య భేదం కనుక్కోండి. (ఆ) ఆ శ్రేఢిలో మొదటి ఎన్ని పదాల మొత్తం 336 అవుతుంది?"

(అ)కు 4 మార్కులు, మధ్యస్థం. a + 3d = 18 అని రాస్తే 1, a + 8d = 38 అని రాస్తే 1, d = 4కు 1, a = 6కు 1. (ఆ)కు 4 మార్కులు, కఠినం. మొత్తం సూత్రంలో విలువలు పెడితే 1, సూక్ష్మీకరించి n² + 2n − 168 = 0 తెస్తే 1, (n + 14)(n − 12) = 0 అని విడగొడితే 1, n = −14 పనికిరాదని రాసి n = 12 తీసుకుంటే 1. ఈ మార్కుల విభజన ప్రశ్న రాసిన రోజే, అదే కాగితం మీద రాసిపెట్టుకోండి. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు రాద్దామంటే ఒక్కో పేపరుకు ఒక్కో లెక్క అవుతుంది. (అ)లో d తప్పు వచ్చిన పిల్లాడు ఆ తప్పు విలువతోనే (ఆ)లో సరైన దారిలో వెళ్తే ఆ మెట్ల మార్కులు ఇస్తారా లేదా అన్నది కూడా ముందే రాయండి. ఇవ్వడమే న్యాయం, లేకపోతే ఒక కూడిక తప్పుకు ఐదారు మార్కులు పోతాయి.

ఈ ప్రశ్నలో ఇంకో చిక్కుంది, పట్టికలో కనపడదు. (ఆ)లో చివరి రెండు మార్కులు నిజానికి వర్గ సమీకరణాలవి. అంకశ్రేఢుల ఖాతాలో ఉన్నా, కారణాంక విభజన రానివాడు అక్కడే పోగొట్టుకుంటాడు. అంటే వర్గ సమీకరణాల అసలు బరువు 12 కాదు, 14. మీ పిల్లలు "సగం పేపరు అదే" అన్నప్పుడు బహుశా ఇలా చాటుగా వచ్చిన మార్కులనూ కలుపుకునే అని ఉంటారు. ఒక ప్రశ్నలో అయితే ఫరవాలేదు. రెండు మూడింటిలో ఇలా జరిగితే మాత్రం ప్రశ్న మార్చాలి. ఇక్కడ (ఆ)ను "మొదటి 12 పదాల మొత్తం కనుక్కోండి" అంటే వర్గ సమీకరణం తప్పుతుంది, కానీ కఠినం కాస్తా సులభమైపోతుంది. అప్పుడు ఆ 4 కఠినం మార్కులకు వేరే చోటు వెతకాలి. నేనైతే ప్రశ్నను అలాగే ఉంచి, వర్గ సమీకరణాల 12 మార్కుల్లో కారణాంక విభజనను మళ్లీ అడగను.

పట్టిక మొత్తానికి కఠినత పంచితే ఇలా వస్తుంది. కఠినం 10లో ఈ (ఆ) భాగం 4, వర్గ సమీకరణాల్లో ఒక 4 మార్కుల పద సమస్య, బహుపదుల్లో పైన చెప్పిన 2 మార్కుల ప్రశ్న. మధ్యస్థం 25లో గ్రాఫు 8, ఈ (అ) భాగం 4, బహుపదుల్లో ఒక 4, వర్గ సమీకరణాల్లో మరో 4, అందులోనే ఒక 2, మూడు 1 మార్కు ప్రశ్నలు. సులభం 15లో √5 నిరూపణ 4, మూడు 2 మార్కులవి, ఐదు 1 మార్కువి. ఇది వేశాక పాఠాల వారీగా కూడా ఒకసారి కూడండి. ఏ పాఠమైనా పూర్తిగా సులభంగానో పూర్తిగా కఠినంగానో వస్తే సరిచెయ్యాలి. వాస్తవ సంఖ్యలకు నేను 1 మార్కు ప్రశ్నను మధ్యస్థంగా ఉంచింది ఇందుకే. దాన్ని కూడా సులభం చేస్తే ఆ పాఠంలో 7కి 7 సులభమే అయ్యేవి.

ఎంపిక సంగతి. 8 మార్కుల ప్రశ్నలకు "లేదా" పెడతారు కదా, బ్లూప్రింటు ఎక్కువగా చెడిపోయేది అక్కడే. అంకశ్రేఢుల ప్రశ్నకు "లేదా"గా వర్గ సమీకరణాల ప్రశ్న ఇస్తే, ఒక పిల్లాడి పేపర్లో అంకశ్రేఢులకు 12 మార్కులు, పక్కవాడి పేపర్లో 4. ఒకే గదిలో ఇద్దరూ వేర్వేరు పరీక్షలు రాసినట్టే. ప్రత్యామ్నాయం అదే పాఠంలోంచి, అవే మెట్లతో, అదే కఠినతతో రావాలి. అంకెలు మార్చి రాశాం కదా, సరిపోయిందనుకుంటే పొరపాటు. పై ప్రశ్నకు "లేదా"గా "3వ పదం 11, 7వ పదం 27, ఎన్ని పదాల మొత్తం 210?" అని రాశారనుకోండి. చూడ్డానికి కవల పిల్లే. చేసి చూస్తే a = 3, d = 4, చివరికి 2n² + n − 210 = 0 వస్తుంది. విడగొడితే (2n + 21)(n − 10). ముందు 2 ఉన్న సమీకరణం విడగొట్టడం, భిన్నం మూలాన్ని వదిలెయ్యడం మొదటిదాని కంటే స్పష్టంగా కష్టం. మొదటి దాంట్లో అంతటినీ 2తో భాగించగలిగాం, ఇందులో కుదరదు. "3వ పదం 16, 7వ పదం 32; మొత్తం 260" అంటే a = 8, d = 4, n² + 3n − 130 = 0, n = 10 వస్తుంది. అది సరైన జోడీ. ప్రత్యామ్నాయాలను కూడా చివరి గీత దాకా చేసి చూడనిదే పేపర్లో పెట్టకండి.

ప్రశ్నలు రాయడం ఇదంతా అయ్యాకే. గడికో చీటీ పెట్టుకోండి. ఒక్కో ప్రశ్న ఒక్కో చీటీ మీద, పాఠం, మార్కులు, స్థాయి, అది పరీక్షించే చిన్న నైపుణ్యం రాసి. పాఠం వారీగా చీటీలు పక్కపక్కన పరిస్తే, పట్టిక చెప్పని తప్పు ఒకటి బయటపడుతుంది. వర్గ సమీకరణాల్లో 1 మార్కుకు "మూలాల స్వభావం చెప్పండి", 2 మార్కులకు "మూలాలు సమానమైతే k కనుక్కోండి" అని రాశారనుకుందాం. రెండూ విచక్షణి మీదే. ఆ ఒక్క ముక్క తెలిసినవాడికి 3 మార్కులు, తెలియనివాడికి సున్నా. పట్టికలో మాత్రం అన్నీ సరిగ్గానే ఉంటాయి. 1 మార్కు ప్రశ్నను "x² − 5x + k = 0కు 2 ఒక మూలమైతే k ఎంత?" అని మార్చండి. విలువ పెట్టి చూడ్డమే, k = 6. స్థాయి మారకుండా నైపుణ్యం మారింది. అలాగే ఒక ప్రశ్నలోని మాట ఇంకో ప్రశ్నకు జవాబు అందించకుండా చూడండి. గ్రాఫు ప్రశ్నలో "ఈ రేఖలు ఖండించుకునే బిందువు" అని రాసి, 1 మార్కు ప్రశ్నలో ఆ జతకే ఎన్ని సాధనలని అడిగితే ఇంకేం మిగిలింది?

హెచ్‌ఎం సారుకు ఇవ్వాల్సింది పై పట్టిక, కఠినత పంపిణీ, మార్కుల విభజన, ఈ మూడు కాగితాలే. ఇంగ్లిషు మీడియం పేపరు కూడా మీదే అయితే డీటీపీ నుంచి వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి మైనస్ గుర్తులు, ఘాతాలు సరిచూడండి. పదిసార్లు చూసిన పట్టిక ఒక్క x2 దగ్గర బోల్తా పడుతుంది.

పరీక్షయ్యాక మీరు వేసిన స్థాయిలు నిజమో కాదో చూసుకునే దారి ఉంది. తరగతిలో 40 మంది ఉంటే, ఎక్కువ మార్కులు వచ్చిన 11 పేపర్లు, తక్కువ వచ్చిన 11 పేపర్లు తీయండి. దాదాపు 27 శాతం చొప్పున. ఒక ప్రశ్నకు ఆ 22 మందికి వచ్చిన మార్కులు కూడి, రావాల్సిన మొత్తంతో పోల్చండి. 70 శాతం దాటితే సులభం, 40 నుంచి 70 దాకా మధ్యస్థం, 40 లోపు కఠినం అనుకుంటే మన అవసరానికి చాలు. రేఖీయ సమీకరణాల్లో మీరు సులభమని వేసిన 2 మార్కుల ప్రశ్నకు పై వాళ్లకు 22కు 18, కింది వాళ్లకు 22కు 4 వచ్చాయనుకోండి. 44కు 22, అంటే 50 శాతం. అది సులభం కాదు, మధ్యస్థం. కానీ పై వాళ్లకూ కింది వాళ్లకూ తేడా 14 మార్కులుంది కాబట్టి ప్రశ్న మంచిదే, చీటీ మీద స్థాయి మార్చి దాచుకోండి. అదే పై వాళ్లకు 12, కింది వాళ్లకు 11 వస్తే శాతం దాదాపు అంతే, 52. కానీ బాగా చదివినవాళ్లూ చదవనివాళ్లూ ఒకేలా తడబడ్డారంటే తప్పు ప్రశ్నలో ఉంది. వాక్యం రెండు రకాలుగా అర్థమవుతోందా, అచ్చుతప్పు పడిందా, జవాబు కీలోనే పొరపాటుందా అని ఆ వరసలో చూసి, తేలకపోతే ఆ చీటీ చింపేయండి.